మొదటి ఏడాది తప్పుల మీద పోస్టు పెట్టే ముందు

నమస్తే మేడం. మాది మహబూబ్‌నగర్. పోలేపల్లి సెజ్‌లో ఒక మందుల కంపెనీలో నాణ్యత పరీక్షలు చేసే క్యూసీ ల్యాబ్‌లో ఏడేండ్లు అనలిస్టుగా చేసి, పోయినేడాది సెక్షన్ ఇన్‌ఛార్జి అయ్యాను. నా కింద ఎనిమిది మంది ఉంటారు. మొదటి ఏడాది చాలా తప్పులు చేశాను. వాటి గురించి లింక్డ్‌ఇన్‌లో పెడదామని డ్రాఫ్ట్ రాసుకున్నా. అందులో ముఖ్యమైన పేరా ఇది: "పాలమూరు యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేసి ఫ్రెషర్‌గా చేరిన ఒక అమ్మాయి వర్క్‌షీట్లలో పదే పదే తప్పులు చేసేది. గట్టిగా చెప్తే బాధపడుతుందని నేనేమీ అనేవాణ్ణి కాదు. షిఫ్టు అయ్యాక కూర్చొని నేనే సరిచేసేవాణ్ణి. ఆర్నెల్లకే ఆమె మానేసింది. లీడర్ అంటే టీమ్‌ను నమ్మేవాడని ఆమె వల్ల నేర్చుకున్నా." వెంటనే పెట్టు, ఇసుంటి పోస్టులకు మంచి పేరొస్తది అంటున్నాడు మా దోస్తు. మా ఆవిడ వద్దంటోంది, ఎందుకో మాత్రం సరిగ్గా చెప్పలేకపోతోంది. ఆ అమ్మాయి నా కనెక్షన్లలోనే ఉంది. పెట్టాలా, వద్దా? పెడితే ఏం మార్చాలి?
– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

నమస్తే. ఇప్పుడున్నట్టుగా మాత్రం పెట్టకండి. మీ ఆవిడకు ఎక్కడో తేడా కొట్టింది, అది నిజమే. అలాగని రాసే ఆలోచనే మానుకోమని నేను అనను. బెంచ్ మీద ఏళ్ల తరబడి బాగా పనిచేసిన మనిషి ఇన్‌ఛార్జి కాగానే ఎందుకు తడబడతాడో లోపలి నుంచి తెలిసినవాళ్లు రాస్తే, రేపు ఆ కుర్చీలో కూర్చోబోయేవాళ్లకు నిజంగా పనికొస్తుంది. ఆ పనికొచ్చే విషయమే మీ డ్రాఫ్టులో లేదు. ఉండకూడనివి రెండు ఉన్నాయి.

అన్నిటికంటే తొందరగా చూడాల్సింది "నేనే సరిచేసేవాణ్ణి" అన్న మాట. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లెవరైనా చదివితే, పాపం టీమ్ కోసం రాత్రిళ్లు ఎంత కష్టపడ్డాడో అనుకుంటారు. క్యూసీలోనో, నాణ్యత పద్ధతులు సరిగ్గా నడుస్తున్నాయో చూసే క్యూఏలోనో పనిచేసినవాళ్లు చదివితే వాళ్ల మనసులో ఒకే ప్రశ్న లేస్తుంది: ఒకరు చేసిన టెస్టు రికార్డులో ఇంకొకరు చెయ్యి పెట్టారా? లింక్డ్‌ఇన్‌లో మీ దోస్తులే ఉండరు. మీ కంపెనీకి ఆడిట్‌కు వచ్చే కస్టమర్ల మనుషులు, పక్క కంపెనీల క్యూఏ హెడ్లు, కన్సల్టెంట్లు అందరూ అక్కడే ఉంటారు.

ఇది చిన్న విషయం ఎందుకు కాదో మీకు తెలుసు, కానీ ఆ వాక్యం రాసేటప్పుడు గుర్తుకు వచ్చినట్టు లేదు. అమెరికాకు మందులు పంపే కంపెనీలు పాటించాల్సిన 21 సీఎఫ్ఆర్ 211.194 నిబంధన, ల్యాబ్ రికార్డులో ఇద్దరు మనుషులు కనిపించాలని అడుగుతుంది. టెస్టు చేసినవాళ్లు ఎవరో, ఎప్పుడు చేశారో వాళ్ల సంతకమో పొడి అక్షరాలో చెప్పాలి. రెండో మనిషి ఆ రికార్డును చూసి, తప్పుల్లేవని, పూర్తిగా ఉందని సంతకం పెట్టాలి. మందుల తయారీ మీద మన దేశపు నియమావళి అయిన షెడ్యూల్ ఎం కూడా పని జరిగినప్పుడే రికార్డు రాయాలంటుంది. చూడాల్సిన రెండో మనిషే కూర్చొని మొదటి మనిషి కాగితం దిద్దితే ఏమవుతుంది? ఇద్దరు చూసినట్టు కాగితం చెప్తుంది, నిజానికి చూసింది ఒక్కరే.

కాబట్టి పోస్టు సంగతి పక్కన పెట్టి, ముందు మీకు మీరే ఒక ప్రశ్న వేసుకోండి. ఆ రాత్రుళ్లు కూర్చొని సరిగ్గా ఏం చేశారు? మన దగ్గర "సరిచేశా" అన్న మాటను చాలా వదులుగా వాడతారు. రివ్యూలో తప్పులు పట్టుకుని, మర్నాడు ఆమెతోనే మార్పించి ఉండవచ్చు. అంటే ఆమే పాత అంకెను చదవగలిగేలా ఒకే గీతతో కొట్టేసి, పక్కన సరైనది రాసి, కారణం, సంతకం, ఆరోజు తేదీ వేసి ఉంటుంది. అలా అయితే మీరు నియమం తప్పలేదు, మీ వాక్యమే తప్పు. చెయ్యని నేరాన్ని లోకానికి ఒప్పుకుంటున్నారు. ఆ వాక్యం కొట్టెయ్యండి, ఇక్కడితో అయిపోతుంది.

అలా కాకుండా ఆమె వర్క్‌షీట్‌లో మీ చేత్తో అంకెలు వేసినా, క్రొమటోగ్రఫీ సాఫ్ట్‌వేర్‌లో పీకులు మళ్లీ ఇంటిగ్రేట్ చేసినా, అంటే గ్రాఫులో శిఖరాల వైశాల్యం మళ్లీ లెక్కగట్టినా అది వేరే సంగతి. అప్పుడు ఎవరి లాగిన్‌తో చేశారన్నది మొదటి విషయం. మీ లాగిన్‌తో చేసి ఉంటే ఎవరు ఏం మార్చారో సాఫ్ట్‌వేరే రాసుకునే ఆడిట్ ట్రెయిల్‌లో మీ పేరు, సమయం, కారణం ఉంటాయి. అది ఎస్ఓపీ, అంటే మీ ల్యాబ్ రాసిపెట్టుకున్న పని పద్ధతి, ఒప్పుకునే పనో కాదో క్యూఏ చూస్తుంది. ఆమె లాగిన్‌తో చేసి ఉంటే మాత్రం అది టీమ్‌ను నడపడంలో పొరపాటు కిందికి రాదు, డేటా ఇంటిగ్రిటీ సమస్య, అంటే రికార్డును నమ్మవచ్చా లేదా అన్న సమస్య. దాని చోటు లింక్డ్‌ఇన్ కాదు, మీ క్యూసీ హెడ్ గది. గుర్తున్నంత వరకు ఏ నెలల్లో, ఏ ప్రొడక్టులకు అలా జరిగిందో ఒక కాగితం మీద రాసుకుని, ఆరోజు తేదీ వేసి తీసుకెళ్లి చెప్పండి. పద్ధతి తప్పిన సంగతిని నమోదు చేసే డీవియేషన్ తెరిచి ఏ బ్యాచ్‌లు చూడాలో వాళ్లు తేలుస్తారు. ఒక్కటి మాత్రం చెయ్యకండి: ఇప్పుడు వెనక్కి వెళ్లి ఆ పాత రికార్డులను మీరే "సర్దడానికి" ప్రయత్నించకండి. ఇంక్రిమెంటు పోతుందేమోనని మీకు టెన్షన్ ఉంటుంది, అది నాకు అర్థమవుతుంది. కానీ మీ నోటి నుంచి ముందుగా వచ్చిన మాటకూ, ఆడిటర్ ఆడిట్ ట్రెయిల్‌లో పట్టుకున్న దానికీ నడుమ ఉద్యోగం ఉండటానికీ పోవడానికీ ఉన్నంత తేడా ఉంటుంది.

ఇక ఆ అమ్మాయి విషయం. మీరు పేరు రాయలేదు కాబట్టి ఇబ్బంది లేదనుకున్నారు. పోలేపల్లిలో పేరు ఎవరికి కావాలి? పాలమూరు యూనివర్సిటీ, ఎమ్మెస్సీ, ఫ్రెషర్, ఫలానా ల్యాబ్, ఆర్నెల్లకు మానేసింది. ఇన్ని చెప్పాక కంపెనీ బస్సులో ఆమె పక్కన కూర్చున్నవాళ్లు, జడ్చర్లలో ఆమెతో రూమ్‌లో ఉన్నవాళ్లు, ఆమె బ్యాచ్‌మేట్లు రెండు నిమిషాల్లో ఎవరో చెప్పేస్తారు. క్యూసీలో ఒక గేటు దగ్గర మానేసినవాళ్లు చాలామంది పక్క గేటులోనే ఇంటర్వ్యూకు వెళ్తారు. అవతల బల్ల దగ్గర కూర్చున్న సెక్షన్ హెడ్ మీ పోస్టు చదివి ఉంటే, ఆమె నోరు తెరవకముందే "వర్క్‌షీట్లలో పదే పదే తప్పులు చేసే అమ్మాయి" అన్న ముద్ర పడిపోతుంది. మీకు వచ్చే లైకులకు ఆమె ఖర్చు పెట్టుకున్నట్టు అవుతుంది.

ఇంకో మాట. ఆమె మీ వల్లే మానేసిందని మీరెలా చెప్పగలరు? ఉత్తరంలో ఆమెను అడిగినట్టు ఎక్కడా లేదు. జీతం కావచ్చు, షిఫ్టులు కావచ్చు, ఇంట్లో పరిస్థితి కావచ్చు, బీఈడీ సీటు రావచ్చు. మీకు తెలియని కారణాన్ని మీ కథకు ముగింపుగా వాడుకోవడం న్యాయం కాదు.

మరి ఆమె అనుమతి అడిగి పెట్టవచ్చా అని మీకు అనిపించవచ్చు. అడగకండి. నిన్నటి వరకు ఇన్‌ఛార్జి అయిన మనిషి, రేపు రిఫరెన్స్ కోసం ఫోన్ వస్తే ఎత్తాల్సిన మనిషి, "నీ గురించి రాయనా" అంటే వద్దని చెప్పే ధైర్యం ఫ్రెషర్‌కు ఉండదు. సరే సార్ అంటుంది, లోపల ఎంత ఇబ్బందిగా ఉన్నా. దీనికి నేను వాడే పద్ధతి సులువే. డ్రాఫ్టులో "ఆమె", "అతను", "వాళ్లు" చేసిన పనులున్న వాక్యాలన్నీ కొట్టేసి చూడండి. "నేను" చేసిన పనులే మిగలాలి. మిగిలిన దాంట్లో చెప్పడానికి ఏమీ లేకపోతే, మీ తప్పు ఏమిటో మీరింకా కనుక్కోలేదని అర్థం.

మీ డ్రాఫ్ట్ అక్కడే ఆగింది. అందుకే ఈ భాగం కొంచెం ఓపికగా చదవండి.

మీరు మొహమాటంతో గట్టిగా చెప్పలేకపోయానని రాశారు. మొహమాటం ఉండే ఉంటుంది. కానీ ఏడేళ్లు బెంచ్ మీద చేసిన మనిషికి అంతకంటే బలమైన కారణం ఇంకొకటి ఉంటుంది. దిద్దడం మీకు రెండు నిమిషాల పని, నేర్పడం ఇరవై నిమిషాల పని. సాయంత్రానికి బ్యాచ్ రిలీజ్ కావాలని ప్రొడక్షన్ నుంచి ఫోన్లు వస్తుంటే ఎవరైనా రెండు నిమిషాల దారే ఎంచుకుంటారు. పైగా దిద్దే పని మీకు బాగా వచ్చు. ఇన్‌ఛార్జి పని ఇంకా రాదు. వచ్చిన పని చేస్తుంటే ఆరోజు ఏదో సాధించినట్టు ఉంటుంది. మొదటిసారి టీమ్‌ను తీసుకున్నవాళ్లలో నేను ఎక్కువగా చూసింది ఇదే, అదీ పని బాగా వచ్చినవాళ్లలోనే ఎక్కువ.

దానివల్ల ఏం పోతుందో ఒక వర్క్‌షీట్ పెట్టుకుని చూద్దాం. ఒక ట్యాబ్లెట్ అస్సే, అంటే అందులో మందు ఎంత ఉందో చూసే పరీక్ష అనుకోండి. పోల్చి చూడటానికి వాడే స్టాండర్డ్ 25 మిల్లీగ్రాములు తూచి 50 మిల్లీలీటర్లకు చేయాలి, అందులోంచి 5 మిల్లీలీటర్లు తీసి మళ్లీ 50కి చేయాలి. మొదటి ద్రావణం మిల్లీలీటరుకు 0.5 మిల్లీగ్రాములు, చివరిది 0.05. శాంపిల్‌కు కూడా అవే రెండు మెట్లు. కొత్త అనలిస్టు శాంపిల్‌కూ స్టాండర్డ్‌కూ రెండో మెట్టు రాయడం మర్చిపోయారు, లెక్కలో రెండింటికీ 0.5 వేశారు. ఫలితం ఎంత వస్తుంది? సరిగ్గానే వస్తుంది, 99.4 శాతం అనుకుందాం. లెక్కలో స్టాండర్డ్ గాఢతను శాంపిల్ గాఢతతో భాగిస్తాం కాబట్టి రెండు వైపులా ఒకే తప్పు ఉంటే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. స్పెసిఫికేషన్ లోపలే ఉంది, ఎవరికీ అనుమానం రాదు. వరస వరసా చదివే రివ్యూయర్‌కు మాత్రమే దొరుకుతుంది. మీలాంటి అనుభవం ఉన్నవాళ్లకు దొరుకుతుంది.

ఇక్కడ మీ ముందు రెండు దారులున్నాయి. ఆ రెండో మెట్టు మీరే రాసేస్తే కాగితం అందంగా ఉంటుంది. కానీ అనలిస్టు నిజంగా ఆ రెండో డైల్యూషన్ చేశారా? పీకు ఏరియా ఎప్పటిలాగే ఉంది కాబట్టి చేసే ఉంటారని మీరు ఊహిస్తున్నారు. ఆ సమయానికి మీరు బెంచ్ దగ్గర లేరు. చేశామని చెప్పగలిగేది చేసినవాళ్లే. రికార్డు చేసినవాళ్లే రాయాలన్న నియమం ఆడిటర్ల చాదస్తంతో పుట్టింది కాదు, నిజం తెలిసింది వాళ్లకే కాబట్టి పుట్టింది.

రెండో దారిలో షీట్ వెనక్కి ఇచ్చి, "ఈ లెక్కలో 0.5 ఎక్కడి నుంచి వచ్చింది? బెంచ్ దగ్గర ఏం చేశావో మొదటి నుంచి చెప్పమ్మా" అని అడుగుతారు. అప్పుడు మీకు ఊహించని జవాబు వస్తుంది. "పోయినవారం చేసిన ప్రొడక్టు షీట్ చూసి రాశాను సార్, దాంట్లో ఒకటే మెట్టు ఉంది" అంటారు. తప్పు అజాగ్రత్త వల్ల కాదని, డైల్యూషన్ ఎందుకు లెక్కలోకి వస్తుందో తెలియకుండా పాత షీట్‌ను చూసి దింపుతున్నారని అప్పుడు తెలుస్తుంది. ఇరవై నిమిషాలు బోర్డు మీద చెప్తే పోయే తప్పు అది.

చెప్పకపోతే అది ఎక్కడికీ పోదు. వచ్చే నెల ఇంకో ప్రొడక్టు వస్తుంది. దాంట్లో స్టాండర్డ్‌కు అవే రెండు మెట్లు, శాంపిల్ మాత్రం 25 మిల్లీగ్రాములకు సరిపడా పొడి నేరుగా 500 మిల్లీలీటర్లలోకి. అనలిస్టు శాంపిల్‌కు సరిగ్గా 0.05 వేస్తారు, స్టాండర్డ్‌కు అలవాటు ప్రకారం 0.5 వేస్తారు. ఈసారి తప్పులు కొట్టేసుకోవు, ఫలితం 994 శాతం వస్తుంది. ల్యాబ్ అంతా ఉలిక్కిపడుతుంది. అందరి ముందు ఆ అనలిస్టు తలదించుకుంటారు. ఆ అనలిస్టు దృష్టిలో అప్పటిదాకా చేసిన షీట్లన్నీ బాగానే ఉన్నాయి, ఎవరూ ఏమీ అనలేదు. నిన్నటి దాకా బాగున్న మనిషి ఇవాళ ఒక్కసారిగా ఎందుకు పనికిరాకుండా పోయారో వాళ్లకే అర్థం కాదు. మీరు దయ అనుకుని చేసిన పని వాళ్లకు తమ తప్పు తెలియకుండా దాచిపెట్టింది.

అందుకే "లీడర్ అంటే టీమ్‌ను నమ్మేవాడు" అన్న మీ చివరి వాక్యం నాకు నచ్చలేదు. ఆ మాట మీ అనుభవంలోంచి వచ్చింది కాదు, ఇలాంటి పోస్టుల చివర ఎప్పుడూ ఉండేది కాబట్టి వచ్చింది. క్యూసీలో నమ్మి వదిలెయ్యడం కుదరదు. ఎంత సీనియర్ షీట్ అయినా రివ్యూ జరగాల్సిందే. మీరు అతిగా చూడటమూ తప్పు కాదు, నమ్మకపోవడమూ తప్పు కాదు. చూసింది చెప్పకపోవడమే తప్పు.

ఇది మారాలంటే చెయ్యాల్సింది పెద్దదేమీ కాదు, కానీ విసుగు పుట్టించే పని. మీ రివ్యూలో పట్టుకున్న ప్రతి తప్పునూ ఏ రకమో రాసుకోండి: డైల్యూషన్ రాయలేదు, బ్యాలెన్స్ ప్రింట్ అతికించలేదు, కాలమ్ నంబరు వేయలేదు, చేసేటప్పుడు రాయకుండా తర్వాత రాశారు, ఇలాగ. ఆ పట్టికలో పేర్లు పెట్టకండి, తప్పు రకం, ప్రొడక్టు రకం, షిఫ్టు చాలు. సొంత నోట్‌బుక్‌లో కాకుండా మీ ఎస్ఓపీ ఒప్పుకునే చోట ఉంచండి, ల్యాబ్‌లో చిత్తు కాగితాలు ఉంటే అదింకో తలనొప్పి. నెల తిరిగేసరికి ఒక ఆకారం కనిపిస్తుంది. ఒకే రకం తప్పు నలుగురైదుగురి దగ్గర వస్తుంటే అది మనుషుల తప్పు కాదు. వర్క్‌షీట్ ఫార్మాట్‌లో ఆ గడే లేకపోవచ్చు, మెథడ్‌లో ఆ వాక్యం రెండు అర్థాలిచ్చేలా ఉండవచ్చు. అప్పుడు మార్చాల్సింది ఫార్మాట్, దానికి చేంజ్ కంట్రోల్ అనే మార్పు దరఖాస్తు వేసి మార్పించాల్సింది మీరు. అది అనలిస్టులు చెయ్యలేని పని, ఇన్‌ఛార్జికే ఉన్న పని. తప్పు ఒక్కరి దగ్గరే తిరుగుతుంటే ఆ ఒక్కరితో, తలుపు వేసి, ఆ ఒక్క విషయం మీద కూర్చోవాలి. రాత్రి షిఫ్టులోనే ఎక్కువ వస్తుంటే మనుషుల్ని ఎలా వేశారో చూసుకోవాలి.

మొదట్లో పని నెమ్మదిస్తుంది. షీట్లు వెనక్కి వెళ్లి వస్తుంటే ప్రొడక్షన్‌వాళ్లు మీ మీద అరుస్తారు. మీ హెడ్‌కు ముందే చెప్పి పెట్టుకోండి, కొన్ని వారాలు రివ్యూకు ఎక్కువ సమయం పడుతుందని, ఎందుకో కూడా. చెప్పకుండా మొదలుపెడితే రెండో వారానికే మళ్లీ పాత దారిలోకి వచ్చేస్తారు. ఈ పద్ధతికి ఒక హద్దు కూడా ఉంది. ఎనిమిది మంది షీట్లన్నీ మీరొక్కరే చూస్తుంటే ఎంత నేర్పినా మీ రాత్రులు తగ్గవు. రెండో రివ్యూయర్‌ను తయారుచేసి, ట్రైనింగ్ రికార్డు పూర్తిచేసి, అర్హత ఇప్పించుకోవాలి.

ఇప్పుడు పోస్టు దగ్గరకు వద్దాం. నేనైతే పై పని మొదలుపెట్టి రెండు మూడు నెలలు నడిచాకే రాయమంటాను. ఇప్పుడు రాస్తే "తప్పు చేశా, నేర్చుకున్నా" అన్న దగ్గర ఆగుతుంది. అప్పుడు రాస్తే "ఇలా చేస్తున్నా, ఇది మారింది, ఇది ఇంకా మారలేదు" అని చెప్పగలుగుతారు. కొత్తగా ఇన్‌ఛార్జి అయినవాళ్లు స్క్రోల్ ఆపి చదివేది ఆ భాగమే.

పోస్టు కంటే ముందు మీ టీమ్‌కు తెలియాలి. ఇప్పుడున్న ఎనిమిది మందిలో ఆ అమ్మాయితో కలిసి పనిచేసినవాళ్లు ఉంటారు. మీ మాట మొదటిసారి ఫోన్‌లో చదివితే, "మాకెప్పుడూ చెప్పలేదు, లోకానికి చెప్తున్నాడు" అనుకుంటారు. పెద్ద మీటింగ్ అక్కర్లేదు. షిఫ్టు హ్యాండోవర్ దగ్గర నిలబడి, ఇకనుంచి షీట్ వెనక్కి వస్తుంది, ఎందుకు వచ్చిందో నేను చెప్తాను, ఇన్నాళ్లూ చెప్పకపోవడం నాదే తప్పు అంటే చాలు. హెచ్ఆర్‌ను కూడా ఒకసారి అడగండి. మందుల కంపెనీల్లో సోషల్ మీడియా పాలసీ ఉండటం మామూలే, చేరేటప్పుడు సంతకం పెట్టిన కాగితాల్లో అది కూడా ఉండి ఉంటుంది.

పోస్టులో కంపెనీని గానీ టీమ్‌ను గానీ ట్యాగ్ చెయ్యకండి. ప్రొడక్టు, కస్టమర్ పేర్లు వద్దు. ల్యాబ్‌లో దిగిన ఫోటో అసలే వద్దు, వెనకాల శాంపిల్ లేబులో బోర్డు మీద బ్యాచ్ నంబరో కనిపిస్తుంది. లింక్డ్‌ఇన్‌లో ఒక పోస్టుకు 3,000 అక్షరాల దాకా చోటు ఉంటుంది, మీకు అందులో సగం కూడా అవసరం లేదు. ఫీడ్‌లో మొదటి రెండు మూడు వరసలే కనిపిస్తాయి, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. కాబట్టి "నా లీడర్‌షిప్ ప్రయాణం" అని మొదలుపెట్టి ఆ వరసలు వృథా చేసుకోకండి. తప్పు ఏమిటో అక్కడే ఉండాలి. నేను మీ స్థానంలో ఉంటే సుమారుగా ఇలా రాస్తాను:

"ఇన్‌ఛార్జి అయిన మొదటి ఏడాది రివ్యూలో తప్పు కనిపిస్తే షీట్ వెనక్కి ఇచ్చి మార్పించుకునేవాణ్ణి, అది ఎందుకు తప్పో మాత్రం చెప్పేవాణ్ణి కాదు. చెప్పడానికి ఇరవై నిమిషాలు పడుతుంది, బ్యాచ్ ఆగుతుందని భయం.

దానివల్ల అదే తప్పు వేరే ప్రొడక్టులో, వేరే రూపంలో మళ్లీ వచ్చేది. నాకు విసుగు వచ్చేది. తప్పు చేసినవాళ్లకు మాత్రం అది కొత్త తప్పులా ఉండేది, ఎందుకంటే పాతదాని కారణం నేను చెప్పలేదు.

ఇప్పుడు రెండు పనులు చేస్తున్నా. షీట్ వెనక్కి ఇచ్చేటప్పుడు 'ఇది ఎలా వచ్చింది?' అని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా మాట్లాడను. తప్పులను మనుషుల వారీగా కాక రకాల వారీగా లెక్కపెడుతున్నా. మేము మనుషుల తప్పు అనుకున్న ఒక రకం, చివరికి మా వర్క్‌షీట్ ఫార్మాట్‌లో లోపమని తేలింది. దాన్ని మార్చాం.

రివ్యూ ఇప్పటికీ ఆలస్యమవుతోంది. దానికి ఇంకా దారి వెతుకుతున్నా. మీ ల్యాబ్‌లో ఎలా చేస్తున్నారో చెప్పండి."

ఫార్మాట్ గురించి రాసిన వాక్యం మీ దగ్గర నిజంగా అలా తేలితేనే ఉంచండి, లేకపోతే మీకు ఏం తేలిందో అది రాయండి. మొదటి పేరా కూడా అంతే. మీరు నిజంగా షీట్లు వెనక్కి ఇచ్చి మార్పించినవారైతేనే ఆ మాట మీది అవుతుంది. కాకపోతే క్యూసీ హెడ్ గదిలో పని పూర్తయ్యే వరకు ఈ విషయం మీద ఏ పోస్టూ వద్దు. పెట్టాక తీసేయొచ్చులే అని కూడా అనుకోకండి, అప్పటికే ఎవరో ఒకరు స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో వేసి ఉంటారు.

కామెంట్లలో తెలిసినవాళ్లు "ఎవరి గురించి అన్నా?" అని అడుగుతారు. చాలామంది సరదాగానే అడుగుతారు. "నా గురించే" అని జవాబు ఇచ్చి వదిలెయ్యండి, మెసేజ్‌లో అడిగినా అదే జవాబు.

ఆ అమ్మాయికి మీరు ఏదైనా చెయ్యాలనుకుంటే పోస్టు దానికి దారి కాదు. పక్క కంపెనీ హెచ్ఆర్ నుంచో, క్యూసీలో ఉన్న మీ పాత కొలీగ్ నుంచో ఆమె ఎలా పనిచేసేదని ఒకరోజు ఫోన్ రావచ్చు. ఆ ఫోన్ రాకముందే కూర్చొని, ఆ ఆరు నెలల్లో ఆమె సరిగ్గా చేసినవి గుర్తు తెచ్చుకోండి. టైముకు వచ్చేదా, ఇన్‌స్ట్రుమెంట్ జాగ్రత్తగా వాడేదా, తెలియనిది అడిగేదా, చేసింది దాచకుండా రాసేదా. అడిగినవాళ్లకు అవి చెప్పండి. వర్క్‌షీట్ల గురించి అడిగితే, ఆమెకు రివ్యూలో నేను సరిగ్గా చెప్పలేదు, మీ దగ్గర చెప్పేవాళ్లుంటే నేర్చుకుంటుంది అనండి.